వంద కిలోల కాఫీ పళ్ళు, నా పల్పర్ ఐడియా

డిగ్రీ ఆఖరి ఏడాదిలో మాకు ఆంట్రప్రెన్యూర్‌షిప్ అని ఒక పేపర్ ఉండేది. ఒక్కొక్కరూ ఒక బిజినెస్ ఐడియా రాసుకు రమ్మన్నారు. క్లాసులో అరకు నుంచి వచ్చినదాన్ని నేనొక్కదాన్నే. కానీ అరకు కాఫీ అమ్ముతామని రాసినవాళ్ళు మాత్రం పదకొండుమంది. వాళ్ళలో సగంమంది అరకు చూసింది అద్దాల రైలు కిటికీలోంచే. నేనైతే పేరు, లోగో, ఇన్‌స్టాగ్రామ్ పేజీ కూడా రెడీ చేసేసుకున్నాను. ప్యాకెట్ మీద ధింసా ఆడుతున్న ఆడవాళ్ళ బొమ్మ వేశాను.

మా సార్ అందరివీ చదివి, నన్ను లేపి ఒక్కటే అడిగారు. "నీ ప్యాకెట్ కొనబోయే మనిషి ఇవాళ కాఫీ తాగట్లేదా? తాగుతుంటే ఎవరి దగ్గర కొంటున్నాడు? వాళ్ళని వదిలి నీ దగ్గరికి ఎందుకొస్తాడు?"

"సార్, మాది ఒరిజినల్ అరకు కాఫీ" అన్నాను. క్లాసులో మిగతా పదిమందీ నవ్వారు. వాళ్ళదీ ఒరిజినలే మరి.

గిరిజన సహకార సంస్థ, అదే మన జీసీసీ, 1956 నుంచీ ఉంది. అరకు కాఫీని ఎప్పట్నుంచో అమ్ముతోంది. నాంది ఫౌండేషన్‌తో కలిసి మా కొండల్లో రైతుల సహకార సంఘం పండించిన కాఫీకి 2017లో పారిస్‌లో ఏకంగా దుకాణమే తెరిచారు. 2019లో అరకు వ్యాలీ అరబికాకి జీఐ గుర్తింపు వచ్చింది. అంటే 'అరకు' అన్న పేరుకి విలువ ఉందని కనిపెట్టడం అప్పటికే అయిపోయింది. నేను చేసింది కనిపెట్టడం కాదు, వేరేవాళ్ళు కనిపెట్టినదాన్ని మెచ్చుకోవడం. ఆ రెండింటికీ తేడా ఆ రోజు నాకు అర్థం కాలేదు. సిగ్గుగా మాత్రం అనిపించింది.

ప్రాజెక్టు కోసం నాలుగు వారాలు టైమిచ్చారు. 2024 డిసెంబరు మధ్యలో ఇంటికొచ్చేశాను. కాఫీ కోతలు జోరుగా సాగుతున్న టైము. సిల్వర్ ఓక్ చెట్ల కింద, వాటికి పాకిన మిరియాల తీగల పక్కన, అమ్మా నేనూ బుట్టలు నడుముకి కట్టుకుని పళ్ళు కోసేవాళ్ళం. కోస్తూ కోస్తూ ఉంటే ఇంకో ఐడియా వచ్చింది. ఈసారి గట్టిదే దొరికిందనుకున్నాను.

కాఫీ పండుని మావాళ్ళు రెండు రకాలుగా అమ్ముతారు. పండు పండుగానే ఎండబెట్టేసి అమ్మితే అది ఎండు చెర్రీ. పల్పర్ అనే చేతి మిషన్లో వేసి ఎర్ర తొక్క వలిచేసి, పులియబెట్టి, కడిగి ఎండబెడితే గింజ మీద తెల్లటి పల్చని తొడుగు మిగులుతుంది. దాన్ని పార్చ్‌మెంట్ అంటారు. ఆ ఏడాది మా వైపు అందరి నోటా ఉన్న రేట్లు రమారమి ఇలా ఉన్నాయి: పార్చ్‌మెంట్ కిలో 400, ఎండు చెర్రీ కిలో 250. మా ఊళ్ళో ఎక్కువమంది చెర్రీయే అమ్ముతారు. కిలో దగ్గర నూటయాభై రూపాయలు వదిలేసుకుంటున్నారే! నేనొక పల్పర్ పెట్టి, కిలో పళ్ళకి రెండు రూపాయలు తీసుకుని వలిచిపెడితే? వాళ్ళకీ లాభం, నాకూ లాభం. రాత్రి మంటకాడ కూచుని నోట్‌బుక్‌లో రాసేసుకున్నాను. నిద్ర కూడా పట్టలేదు.

పొద్దున్నే మా పిన్నికి చెప్పాను. ఆవిడ బియ్యం చెరుగుతూ విన్నది.

"అంత లాభముంటే మీ నాన్న ఎందుకు వలవడే?" అంది.

నాన్నకి తెలీదు కాబట్టి అనుకున్నాను. ఇరవయ్యేళ్ళ వయసులో మనకన్నీ అలాగే అనిపిస్తాయి.

నాన్నని అడిగితే మాట్లాడకుండా ట్రంకు పెట్టెలోంచి పాత చీటీలు తీశాడు. తర్వాత తక్కెడ తెచ్చి బయట పెట్టాడు. ఆయన చేసిన లెక్కని నేను వివరంగా చెప్పాలి, ఎందుకంటే నా ఐడియా సగం అక్కడే చచ్చిపోయింది.

వంద కిలోల ఎర్ర పళ్ళు తీసుకోండి. వాటిని వలిచి, కడిగి, ఎండబెడితే చివరికి చేతికొచ్చే పార్చ్‌మెంట్ సుమారు 20 కిలోలు. కిలో 400 చొప్పున 8,000 రూపాయలు. అవే వంద కిలోల పళ్ళని తొక్కతోనే ఎండబెడితే వచ్చే చెర్రీ సుమారు 33 కిలోలు. కిలో 250 చొప్పున 8,250 రూపాయలు. అంటే వలవకపోతేనే 250 ఎక్కువ! పైగా వలిచినందుకు నాకు 200 ఇవ్వాలి. రైతు 450 పోగొట్టుకుని, నీళ్ళు మోసి, పులియబెట్టి, కడిగి నాకు థ్యాంక్స్ చెప్పాలన్నమాట.

నేను కిలోకీ కిలోకీ పోల్చాను. పోల్చాల్సింది బుట్టకీ బుట్టకీ. ఎండు చెర్రీ బరువులో సుమారు సగమే గింజ, మిగతాది తొక్క. పార్చ్‌మెంట్‌లో అయిదింట నాలుగొంతులు గింజ. 250ని సగంతో భాగించండి, 400ని అయిదింట నాలుగుతో భాగించండి. రెండూ 500 దగ్గరకే వస్తాయి. కొనేవాళ్ళు తొడుగుకి కాదు, లోపలి గింజకే డబ్బులిస్తున్నారు. నేను రాత్రంతా మేలుకుని కనిపెట్టిన నూటయాభై రూపాయల తేడాని రేటు కట్టినవాళ్ళు ఎప్పుడో సరిచేసి పెట్టారు.

నాన్న అంతటితో ఆగలేదు. ఓ పాత చీటీ చూపించాడు. అందులో పార్చ్‌మెంట్ 280, చెర్రీ 145 ఉన్నాయి. ఆ రేట్లకి కట్టి చూడండి. 20 కిలోలకి 5,600. 33 కిలోలకి 4,785. అప్పుడు వలిస్తే వంద కిలోల పళ్ళకి 815 రూపాయలు నిజంగానే మిగిలేది. "అప్పుడొచ్చుంటే నీ మిషను ఆడేది" అన్నాడు. ఐడియా అదే, మిషను అదే, ఊరూ అదే. మారింది రెండు అంకెలు. ఒక ఏడాది అవకాశంగా ఉన్నది ఇంకో ఏడాదికి ఉత్త ఐడియా అయిపోతుందని నేను పుస్తకంలో చదివి పరీక్ష కూడా రాశాను. 'విండో ఆఫ్ ఆపర్చునిటీ' అని రెండు మార్కుల ప్రశ్న. అది ఇంత మామూలుగా, నూనె మరకలు పడిన చీటీ మీద కనిపిస్తుందని అనుకోలేదు.

మరి నాంది వాళ్ళు ఏం చూశారు? వాళ్ళకీ ఇవే కొండలు, ఇవే పళ్ళు కదా. ఈ ప్రశ్న ఆ వారమంతా నన్ను తొలిచింది. వాళ్ళు చూసింది గింజ బరువు కాదు, రుచి. మంచి కాఫీకి ఎక్కువ ధర పెట్టే కొనుగోలుదారులు ప్రపంచంలో ఉన్నారు, కానీ వాళ్ళకి ప్రతి గింజా ఒకే తీరులో పండినది కావాలి. మావాళ్ళేమో పచ్చివీ పండువీ కలిపి దూసేవాళ్ళు. ఎలా కోసినా రేటు ఒకటే అయినప్పుడు ఏరి ఏరి కోయడం ఎవరికి పడుతుంది? తర్వాత ఒక్కో ఇంట్లో ఒక్కో రకంగా పులియబెట్టి, ఒక్కో చోట ఎండబెడితే రుచి ఒకేలా ఎక్కడొస్తుంది? అందుకని వాళ్ళు ఇంట్లో చేసే పనిని ఇంట్లోంచి తీసేశారు. ఎర్రగా పండిన పళ్ళనే రైతుల దగ్గర తీసుకుని, వలవడం, పులియబెట్టడం, ఎండబెట్టడం ఒకే కేంద్రంలో చేశారు. జాగ్రత్తగా కోసినందుకు రైతుకి డబ్బు అందేలా చేశారు. 'అరకు' అన్న పేరు చివర్లో వచ్చింది. నేను ఆ చివరిదాన్నే పట్టుకుని మొదలుపెట్టాను.

ఇక్కడ ఇంకోటి చెప్పాలి. స్కాట్ షేన్ అనే ప్రొఫెసర్ 2000లో అచ్చయిన ఒక పరిశోధనలో ఒక ముచ్చటైన సంగతి రాశాడు. అమెరికాలో ఎంఐటీ వాళ్ళు త్రీడీ ప్రింటింగ్ పద్ధతి ఒకటి కనిపెట్టారు. దాన్ని చూసిన ఎనిమిది బృందాలు దానితో ఎనిమిది వేరు వేరు వ్యాపారాలు ఊహించుకున్నాయి. ఒకరు ఊహించినది ఇంకొకరికి తట్టలేదు. ఎవరు ముందు ఏ పనిలో ఉన్నారో, ఏ సమస్య దగ్గరగా చూశారో, దానికి తగ్గదే వాళ్ళకి కనిపించింది. ఇది మా సార్ క్లాసులో చెప్పినప్పుడు నేను బస్సు టికెట్ వెనక బొమ్మలు గీస్తున్నాను. ఇంటికొచ్చాక గుర్తొచ్చింది. పారిస్ కాఫీ ప్రియుల గురించి నాకు తెలిసింది సున్నా. మా ఊళ్ళో ఎవరి వాకిలి ఎంత ఉంటుందో, ఏ ఇంటికి ఊట ఎంత దూరమో మాత్రం తెలుసు.

అయినా తెలిసినదాన్ని సరిగ్గా చూడలేదని పక్క ఊరికి వెళ్ళాక తేలింది. అక్కడొక ఇంటి చూరు కింద పల్పర్ తుప్పు పట్టి కనిపించింది. కొన్నేళ్ళ క్రితం సంఘానికి సబ్సిడీ మీద వచ్చిందట. కోళ్ళు దాని మీద కూర్చుంటున్నాయి. నేను కొనాలనుకున్న మిషను దాదాపు ఉచితంగా వచ్చి, వాడకుండా పడి ఉంది!

ఒక ఐడియా మంచిదో కాదో తెలుసుకోవాలంటే ఇలాంటి పడి ఉన్న వస్తువు దగ్గర కూర్చుని రోజంతా ప్రశ్నలు అడగాలని ఇప్పుడంటాను. ఎవరూ చేయనిదాన్ని మనం కనిపెట్టామని సంబరపడతాం. చేసి మానేసినవాళ్ళు ఉన్నారేమో చూడం. నేను అడిగాను. ఒకాయన చెప్పినది: ఊట చాలా కింద ఉంది, కడగడానికి బిందెలు మోయలేక విసిగిపోయారు. ఇంకొకావిడ చెప్పినది: అందరి కోతలూ ఒకేసారి, మిషను ఒకటి, వంతు దగ్గర తగువు. మూడోది మిషనుదే. లోపల తిరిగే డ్రమ్ముకీ ఎదురుగా ఉండే పలకకీ మధ్య సందు సరిగ్గా ఉండాలి. బిగుతైతే గింజ నలిగి తెగుతుంది, వదులైతే పండు వలవకుండానే జారిపోతుంది. ఆ సందు సరిచేయడం ఎవరికీ రాలేదు. తెగిన గింజలు చూసి కొనేవాళ్ళు రేటు తగ్గిస్తే, అక్కడితో దండం పెట్టేశారు.

ఇందులో మిషను సంగతి ఒక్కటే నేను బాగుచేయగలిగింది. నీళ్ళ సంగతి మా ఊళ్ళో కొంత మేలు, ఎందుకంటే మా ఊట ఇళ్ళ పక్కనే. కానీ అసలు ప్రశ్న అలాగే ఉంది. వలిస్తే 450 నష్టమైనప్పుడు ఎవరైనా ఎందుకు వలిపించుకుంటారు?

ఆ ప్రశ్నకి జవాబు కూడా పిన్నే ఇచ్చింది, అడక్కుండానే.

పిన్ని ఇల్లు ఏటవాలు మీద ఉంటుంది. వాకిలి లేదు. బాబాయి పనికోసం బయటికెళ్తే నెలల తరబడి రాడు. ఆవిడ పళ్ళని తార్‌రోడ్డు పక్కన, ఇంటికి కిలోమీటరు దూరంలో పట్టా పరిచి ఎండబెడుతుంది. తొక్కతో ఉన్న పండు లోపలిదాకా ఎండాలంటే పదిహేను నుంచి ఇరవై రోజులు పడుతుంది. మంచు పట్టిన పొద్దుటిపూట పది దాటితేగానీ ఎండ రాదు కదా మాకు. రోజూ తిరగేయాలి, సాయంత్రం కుప్ప చేసి కప్పాలి, మేకలు రాకుండా చూడాలి. పార్చ్‌మెంట్ అయితే తొక్క ఉండదు కాబట్టి ఎనిమిది పది రోజుల్లో ఎండిపోతుంది.

"పద్దెనిమిది రోజులు రోడ్డు మీద కాపలా కూర్చుంటే కూలికి ఎవరెళ్తారే? నాకు నీ నాలుగొందల యాభై కాదు, ఆ పది రోజులు కావాలి" అంది.

నోట్‌బుక్ మళ్ళీ తెరిచాను. పిన్ని ఒక విడతలో కోసేది రెండొందల కిలోలు. వలిపిస్తే నష్టం 900. మిగిలేది పది రోజులు. రోజు కూలి 300 చొప్పున కడితే 3,000. ఈ లెక్క నాన్న చీటీలో లేదు, ఎందుకంటే నాన్నకి వాకిలి ఉంది, కాపలాకి నాయనమ్మ ఉంది. మా ఇంట్లో నష్టమైన పని పిన్ని ఇంట్లో లాభం. నేనేమో మొదట్నుంచీ 'రైతులు' అని ఒకే మాట రాసుకుంటూ వచ్చాను. ఆ మాటకి కొనుగోలుదారుగా మా ఊళ్ళో ఎవరూ లేరు. వాకిలి లేని ఇళ్ళు, కాపలాకి మనిషి లేని ఇళ్ళు, ఒకేసారి ఎక్కువ పళ్ళు దింపుకునే ఇళ్ళు ఉన్నాయి. లెక్కపెడితే నలభైమూడు గడపల్లో తొమ్మిది.

ఇంకో కారణం కూడా బయటపడింది. అంతకుముందు ఏడాది, 2023 డిసెంబరు మొదట్లో, మిచౌంగ్ తుపాను బాపట్ల దగ్గర తీరం దాటినప్పుడు మా కొండల్లోనూ వానలు పడ్డాయి. మావయ్య ఒకాయన చెర్రీ సగం ఎండిన దశలో తడిసి బూజు పట్టింది. మా కోతలు నవంబరు నుంచి జనవరి దాకా, తుపానుల కాలం కూడా దాదాపు అదే. బయట ఉన్న ప్రతి రోజూ ఒక జూదం. ఆ జూదం పద్దెనిమిది రోజులా, ఎనిమిది రోజులా అన్నదే మావయ్యకి కావాల్సిన లెక్క.

తొమ్మిది ఇళ్ళకీ వెళ్ళాను. ఇక్కడ మా సార్ ఫోన్లో చెప్పిన ఒక జాగ్రత్త పనికొచ్చింది. "ఇలా చేస్తే బాగుంటుందా అని అడక్కు. బాగుంటుందనే అంటారు, మీ ఊరి పిల్లవి కదా" అన్నారు. నిజమే. మొదటి ఇంట్లో అలాగే అడిగితే టీ కూడా పోశారు, దీవించి పంపారు. రెండో ఇంటి నుంచి మాట మార్చాను. "ఆదివారం పొద్దున్న మిషను ఊట దగ్గర పెడుతున్నాను. కిలోకి రెండు రూపాయలు. ఎన్ని కిలోలు తెస్తారు, రాసుకోనా?" అప్పుడు మొహాలు వేరుగా ఉన్నాయి. అయిదిళ్ళ వాళ్ళు 'చూద్దాం' అన్నారు. మన భాషలో 'చూద్దాం' అంటే ఏమిటో అందరికీ తెలుసు. నలుగురు మాత్రం కిలోలు చెప్పారు.

మిషను పక్క ఊరి సంఘం వాళ్ళని అడిగి మూడు వారాలకి తెచ్చుకున్నాం. బోల్టులు, పలక సరిచేయించడానికి 900, ఆటో కిరాయి 400 అయ్యాయి. మొదట పళ్ళని నీళ్ళలో పోసి తేలిన తాలు పళ్ళు తీసేశాం. పచ్చివి ఏరేశాం, ఎందుకంటే అవి డ్రమ్ములో వలవవు, నలుగుతాయి. ముందు రెండు గుప్పిళ్ళు వేసి, బయటికొచ్చిన గింజలు చూసి, సందు కొంచెం వదులు చేసి, మళ్ళీ రెండు గుప్పిళ్ళు వేసి చూశాం. ఇలా ఏడెనిమిదిసార్లు చేశాక గింజ తెగకుండా వచ్చింది. తమ్ముడు చక్రం తిప్పాడు, నేను పోశాను.

తప్పు తర్వాత దొర్లింది. వలిచిన గింజ మీద జిగురు ఉంటుంది, పులిస్తేనే వదులుతుంది. ఒక రోజు, రోజున్నర చాలని ఎక్కడో చదివి మొదటి విడత ముప్పై గంటలకి కడిగేశాను. మా చలికి అది చాలలేదు. జిగురు అలాగే ఉంది. అమ్మ ఒక గుప్పెడు తీసి అరచేతుల మధ్య రుద్దింది. "గులకరాళ్ళలా గరగరమనాలే, ఇది జారుతోంది" అంది. ఇంకో రాత్రి ఉంచాక గరగరమంది. గడియారం కన్నా ఆ చప్పుడే నమ్మకం.

మూడు వారాల లెక్క ఇది. మొదటి వారం నాలుగిళ్ళవి 620 కిలోలు. రెండో వారం రెండిళ్ళవే, 340. మూడో వారం మళ్ళీ ఆ రెండిళ్ళవే, 290. మొత్తం 1,250 కిలోలు, 2,500 రూపాయలు. ఖర్చు 1,300 పోగా 1,200. తమ్ముడూ నేనూ పది రోజులు పనిచేశాం. అంటే మనిషికి రోజుకి అరవై రూపాయలు. కూలికెళ్ళినా అయిదింతలు వచ్చేది. తమ్ముడు ఇప్పటికీ దెప్పుతుంటాడు.

రిపోర్టులో ఈ అంకెలే రాశాను. కానీ నాకు ఆసక్తిగా అనిపించింది మొత్తం కాదు, రెండో వారం. నాలుగిళ్ళు రెండిళ్ళయ్యాయి. రాని ఇద్దరినీ అడిగితే, కొత్త కదా అని వచ్చామన్నారు, వాళ్ళకి వాకిళ్ళు ఉన్నాయి. మళ్ళీ మళ్ళీ వచ్చినవాళ్ళు పిన్నీ, తడిసిన చెర్రీ మావయ్యా. మొదటిసారి వచ్చినవాళ్ళు నా మొహం చూసి వచ్చారు. మూడోసారి వచ్చినవాళ్ళు వాళ్ళ అవసరం చూసుకుని వచ్చారు. కొత్తగా ఏదైనా పెట్టేవాళ్ళు మొదటి రోజు రద్దీని ఫొటో తీసి స్టేటస్ పెట్టుకుంటారు. నేనూ పెట్టాను, నూట డెబ్బై లైకులొచ్చాయి. ఆ ఫొటోలో ఉన్నవాళ్ళలో సగంమంది మళ్ళీ రాలేదు.

రెండిళ్ళ కోసం పల్పర్ నడవదు. అది తేలిపోయింది. మిషను శుభ్రంగా తుడిచి, నూనె రాసి తిరిగిచ్చేశాం. సందు సరిచేయడం ఆ ఊరి కుర్రాడికి నేర్పాం.

అయితే మూడో వారం ఇంకో సంగతి చూశాను. వలవడం అయ్యాక పిన్ని తడి పార్చ్‌మెంట్ బుట్ట నెత్తిన పెట్టుకుని మళ్ళీ ఆ రోడ్డుకే బయల్దేరింది. పద్దెనిమిది రోజులు ఎనిమిదయ్యాయి కానీ కిలోమీటరు కిలోమీటరుగానే ఉంది. ఆవిడకి అడ్డు తొక్క కాదు, చదునైన నేల లేకపోవడం. ఆవిడ తీర్చుకుంటున్న అవసరం ఒకటైతే, నేను అమ్ముతున్నది దాని పక్కనున్నది.

మరి ఏటవాలు మీద మంచం వేయొచ్చు కదా? కిందివైపు కాళ్ళు పొడుగు, పైవైపు పొట్టి. మీద జాలి. గాలి కింద నుంచీ తగులుతుంది, మట్టి వాసన పట్టదు, మేకలకి అందదు. ఇది నా తెలివేం కాదు, మంచి కాఫీ పండించే చోట్ల జాలి మంచాల మీద ఎండబెట్టడం మామూలే. వెదురు మా కొండదే. జాలి, తీగ కొనడానికి 1,400 అయింది. మూడడుగుల వెడల్పు, ఇరవై అడుగుల పొడవు. నూటముప్పై కిలోల పళ్ళ పార్చ్‌మెంట్ దాని మీద పల్చగా పరుచుకుంది. పిన్ని ఇంటి వెనకే కట్టాం. ఆవిడ వంట చేస్తూ, మధ్యలో లేచి చేత్తో కలియబెట్టేది. రాత్రి మంచుకి పట్టా కప్పేది. తొమ్మిదో రోజుకి ఎండింది.

అద్దెకివ్వాలని మొదట అనుకున్నాను. విడతకి 150 చొప్పున, కోతల కాలంలో ఏడెనిమిది విడతలు వస్తే ఒక మంచం మీద పదకొండు, పన్నెండొందలు. రెండో ఏడాదికి పెట్టుబడి తిరిగొస్తుంది. కానీ ఈసారి నాన్న అడిగే ప్రశ్న నేనే వేసుకున్నాను. చూసినవాళ్ళు సొంతంగా కట్టుకోరా? వెదురూ జాలే కదా, రహస్యమేముంది? రెండో ఏడాదికి ఎవరిది వాళ్ళు కట్టుకుంటే నా మంచాలు కోళ్ళకే.

పిన్నినే అడిగేశాను. "నువ్వే కట్టుకోవచ్చుగా?"

"కట్టుకుంటాను. ఎప్పుడు కట్టుకుంటాను? కోతలప్పుడు చెయ్యి ఖాళీ ఉండదు. కోతలకి ముందు నువ్వు కాఫీ గురించి మాట్లాడితే ఎవరు వింటారు? వరి పని, రాజ్‌మా పని" అంది.

అయితే అద్దె కాదు. అక్టోబరులోపే కట్టి అమ్మేయాలి. ఒకసారి అమ్మితే మళ్ళీ మూడు నాలుగేళ్ళ దాకా ఆ ఇంటితో పని ఉండదు. మా ఊళ్ళో తొమ్మిది ఇళ్ళు, పక్క ఊళ్ళలో ఎన్నో నడిచి లెక్కపెట్టాలి. అన్నీ కలిపినా ఇది పెద్ద వ్యాపారం అవదు. ఒక అక్టోబరు పని అవుతుందేమో. రిపోర్టు చదివిన సార్ మార్జిన్‌లో "ఎన్ని ఇళ్ళు?" అని ఎర్ర ఇంకుతో రాసి, కింద గీత గీశారు. మార్కులు బాగానే వేశారు.

సంక్రాంతి అయ్యాక వైజాగ్ బస్సెక్కుతుంటే పిన్ని వచ్చింది. కొంగుముడి విప్పి రెండు వంద నోట్లు చేతిలో పెట్టింది. చార్జీలకేమో అనుకుని వద్దన్నాను.

"చార్జీలకి కాదే. వచ్చే ఏడాదికి ఇంకో మంచం. ఈసారి కాళ్ళు ఇంకాస్త ఎత్తు పెట్టు, నడుం పట్టేస్తోంది" అంది.

బస్సులో నోట్‌బుక్ తీసి, పిన్ని పేరు పక్కన 200 అని రాసుకున్నాను. దాని పక్కన కాళ్ళ ఎత్తు.